అడ్వాన్స్ అడిగే ఉత్తరంలో ఉండాల్సిన లెక్క

ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి ఆపరేషన్ అవసరమైతే, నెల జీతం మీద బతికే మనిషికి ఆస్పత్రి ఇచ్చే గడువు గంటల్లో ఉంటుంది. ఆ గంటల్లో దొరికే డబ్బు చాలావరకు ఖరీదైన డబ్బే. తెలిసినవాళ్ల దగ్గర చేబదులు దొరక్కపోతే తర్వాతి గుమ్మం వడ్డీ వ్యాపారిది. నూటికి మూడు రూపాయలంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. కానీ అరవై వేలు తెస్తే నెలకి 1,800 వడ్డీకే పోతుంది, అసలు మాత్రం కదలదు. ఫోన్లో నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల సంగతి 2020లోనే హైదరాబాద్‌లో కేసులు, అరెస్టుల దాకా వెళ్లింది. పనిచేస్తున్న చోట జీతం మీద తీసుకునే అడ్వాన్స్‌కి సాధారణంగా వడ్డీ ఉండదు. అయినా చాలామంది దాన్ని ఆఖర్న అడుగుతారు, అదీ సరిగ్గా అడగరు.

అడ్వాన్స్ ఇచ్చి తీరాలని యజమానిని బలవంతపెట్టే చట్టమేమీ లేదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆయన ఇష్టం. కాబట్టి ఆయన ఏం చూసి ఒప్పుకుంటాడో తెలుసుకోవాలి. మన కష్టం ఎంత పెద్దదో చెబితే జాలిపడతాడు. కానీ జాలి ఉన్న మనిషి కూడా అకౌంటెంట్‌ని పిలిచి అడిగేవి వేరే ఉంటాయి. సరిగ్గా ఎంత కావాలి, ఏ నెలనుంచి ఎంతెంత కట్ చేయాలి, ఈలోగా ఇతని పని ఎవరు చూస్తారు. ఈ మూడింటికీ జవాబు ముందే కాగితం మీద ఉంటే, ఆ మాట తేలడానికి పది నిమిషాలు చాలు.

ఒక ఉదాహరణతో చూద్దాం. జీడిమెట్లలో ఒక చిన్న ప్యాకేజింగ్ ఫ్యాక్టరీ అనుకోండి. అందులో ఆరేళ్లుగా స్టోర్స్ చూసుకుంటున్న ఉద్యోగి. మొత్తం జీతం 30,000. పీఎఫ్‌కి 1,800, వృత్తి పన్నుకి 200 పోగా చేతికి 28,000 వస్తుంది. నెల 18వ తేదీ రాత్రి వాళ్లమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. పెద్ద వయసులో తుంటి విరిగితే వీలైనంత త్వరగా, ఒకటి రెండు రోజుల్లోనే ఆపరేషన్ చేయించమంటారు డాక్టర్లు. మంచానపడి ఉన్నకొద్దీ ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్, వీపున పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. అంటే వారం ఆగి డబ్బు సర్దుకునే వ్యవహారం కాదు. ఆస్పత్రి వాళ్లు 1,80,000 అవుతుందన్నారు.

ఇలాంటప్పుడు ఫ్యాక్టరీకి ఫోన్ చేసే ముందు ఒక పని చేయాలి. ఇంకెక్కడినుంచి డబ్బు వస్తుందో, ఎక్కడినుంచి రాదో తేల్చుకోవాలి. ఎందుకంటే యజమాని అడిగే మొదటి మాట అదే. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతున్నవాళ్లకైతే, తమ మీద ఆధారపడిన తల్లిదండ్రులకి కూడా ఆ ఆస్పత్రుల్లో వైద్యం దొరుకుతుంది. మన ఉద్యోగి జీతం ఆ పరిమితి దాటింది. తెల్ల రేషన్ కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ దారీ మూసుకుపోయింది. కంపెనీ తీసిన గ్రూపు ఇన్సూరెన్స్ ఉందిగానీ అది భార్యాపిల్లల వరకే. (ఈ సంగతి చాలామందికి ఆస్పత్రిలో అడుగుపెట్టాకే తెలుస్తుంది. పాలసీలో తల్లిదండ్రుల పేర్లున్నాయా లేవా అని ఇవాళే హెచ్‌ఆర్‌ని అడిగి ఉంచుకోవడం మంచిది.)

ఇక పీఎఫ్. వైద్యం కోసం పీఎఫ్ నుంచి డబ్బు తీసుకోవచ్చు. వివరాలన్నీ సరిగా ఉంటే ఆన్‌లైన్ క్లెయిమ్ కొన్ని రోజుల్లోనే తేలిపోతుంది. చిక్కంతా ఆ 'సరిగా ఉంటే' దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పీఎఫ్ ఖాతాలో పొడి అక్షరంతో ఉన్నవాళ్లు మనలో ఎంతమందో. ముందు పేరు సవరణ జరగాలి, ఆ తర్వాతే క్లెయిమ్. మన ఉద్యోగికీ అదే అడ్డొచ్చింది. పీఎఫ్ డబ్బు వస్తుంది, కానీ రేపటి ఆపరేషన్‌కి అందదు.

అన్నీ కూడితే లెక్క ఇలా తేలింది. దాచుకున్నది 40,000. తమ్ముడు ఇచ్చేది 30,000. భార్య గాజులు బ్యాంకులో పెడితే 50,000. మొత్తం 1,20,000. తగ్గింది అరవై వేలు. అడగాల్సిన మొత్తం అదే. పైసా ఎక్కువ వద్దు, తక్కువా వద్దు.

ఇక్కడే చాలామంది తడబడతారు. "ఎంత కావాలయ్యా?" అని యజమాని అడిగితే "మీకు తోచినంత ఇప్పించండి సార్" అంటారు. అది వినయమని అనుకుంటారు. ఇచ్చేవాడికి మాత్రం అది లెక్కలేని అప్పులా వినపడుతుంది. ఈసారి ఇచ్చాక మళ్లీ ఎప్పుడొస్తాడో అన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. "ఆస్పత్రివాళ్లు లక్షా ఎనభై వేలన్నారు సార్. లక్షా ఇరవై నేను సర్దుకున్నాను. అరవై వేలు తక్కువైంది" అంటే, ఈ మనిషి తన వంతు చేసి వచ్చాడని రెండు ముక్కల్లో అర్థమవుతుంది. చూపించడానికి ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ఎస్టిమేట్ ఉండాలి. అడ్మిషన్ కౌంటర్లో అడిగితే ఇస్తారు. ఇంకో మాట కూడా ముందే అనడం మంచిది: "నాకు ఇవ్వక్కర్లేదు సార్, ఆస్పత్రి ఖాతాకే వేయించండి." డబ్బు దేనికి పోతోందన్న ప్రశ్న ఇక ఎవరూ నోరు తెరిచి అడగాల్సిన అవసరం ఉండదు.

తిరిగి కట్టడం దగ్గర అబద్ధం ఆడేవాళ్లు తక్కువ, ఆశపడి మాటిచ్చేవాళ్లు ఎక్కువ. ఆ క్షణంలో డబ్బు చేతికి రావడమే ముఖ్యం కాబట్టి "నెలకి పదిహేను వేలు కట్ చేసుకోండి సార్, నాలుగు నెలల్లో తీర్చేస్తా" అంటారు. అది వినడానికి దిట్టంగా ఉంటుంది. ఆ మాటని మన ఉద్యోగి ఇంటి ఖర్చుల పక్కన పెట్టి చూడండి. అద్దె 8,000. సరుకులు, పాలు, కూరగాయలు, గ్యాస్ కలిపి 7,000. పిల్లవాడి బడికి 3,000. కరెంటు, ఫోన్లు, పెట్రోలు 1,500. గాజుల మీద తెచ్చిన అప్పుకి వడ్డీ ఇంకో 500. మొత్తం ఇరవై వేలు. చేతికొచ్చే ఇరవై ఎనిమిది వేలలో పదిహేను పోతే మిగిలేది పదమూడు. మొదటి నెలే ఏడు వేలు తక్కువ. అందులో ఇంకా అమ్మ మందులు లేవు, ఇంటికొచ్చి నడక నేర్పే ఫిజియోథెరపిస్టు ఫీజు లేదు.

రెండో నెలలో మళ్లీ అడ్వాన్స్ అడగాల్సి రావడం ఇందువల్లే. మొదటిసారి అడిగినప్పుడు ఎవరూ తప్పుపట్టరు. మొదటిది తీరకుండా రెండోది అడిగినప్పుడే మాట పలచనవుతుంది.

పైగా అంత మొత్తం కట్ చేయడానికి చట్టం కూడా ఒప్పుకోదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోని 18వ సెక్షన్ ప్రకారం, ఒక నెలలో అన్ని కోతలూ కలిపి ఆ నెల వేతనంలో సగం దాటకూడదు. మన ఉద్యోగికి పీఎఫ్, వృత్తి పన్ను కలిపి ఇప్పటికే రెండు వేలు పోతోంది. దానికి పదిహేను వేలు కలిపితే పదిహేడు వేలు, అంటే ముప్పై వేలలో సగాన్ని దాటిపోయింది. అయితే చట్టం సగం దాకా ఒప్పుకుంటుంది కదా అని సగం దాకా వెళ్లడమూ తెలివైన పని కాదు. ఆ హద్దు యజమాని దాటకుండా గీసింది. మన ఇల్లు ఎంత మోయగలదో మన ఇంటి ఖర్చే చెప్పాలి.

సరైన లెక్క చివరినుంచి మొదలవుతుంది. ఇంటి ఖర్చు ఇరవై వేలు పోగా మిగిలేది ఎనిమిది వేలు. మొదటి రెండు నెలలు మందులకీ ఫిజియోథెరపీకీ నెలకి 4,500 అవుతుందనుకుంటే, మిగిలేది మూడున్నర వేలే. కాబట్టి ఆ రెండు నెలలూ మూడు వేల చొప్పున కడతాడు, ఆరు వేలు తీరుతుంది. ఆ తర్వాత అమ్మ నడవడం మొదలుపెట్టి ఆ ఖర్చు తగ్గాక నెలకి ఆరు వేలు. తొమ్మిది నెలల్లో యాభై నాలుగు వేలు. మొత్తం పదకొండు నెలల్లో అరవై వేలు పూర్తవుతుంది. నెలకి రెండు వేలు చేతిలో ఉంటాయి కాబట్టి మళ్లీ ఎక్స్‌రే తీయించాలన్నా, బంధువుల ఇంట్లో పెళ్లికి వెళ్లాలన్నా చెయ్యి చాపక్కర్లేదు.

పదకొండు నెలలంటే యజమాని ఒప్పుకోడేమోనని భయం వేస్తుంది. నా మట్టుకు నాకు, ఆయన ముందు పెట్టే లెక్క ఖర్చులతో సహా కనిపిస్తే నాలుగు నెలల మాటకన్నా ఇదే ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. త్వరగా తీర్చే దారి ఏదైనా ఉంటే దాన్ని అదనంగా చెప్పాలి తప్ప లెక్కలో కలపకూడదు. పీఎఫ్ పేరు సవరణ పూర్తయి డబ్బు వస్తే అందులోంచి ఇరవై వేలు ఒకేసారి కడతానని రాయవచ్చు. కానీ అది ఏ నెలలో వస్తుందో తెలియదు కాబట్టి వాయిదాలు దాని మీద ఆధారపడకూడదు. వస్తే చివరి నెలలు తగ్గుతాయి. రాకపోయినా మాట తప్పినట్టు కాదు.

ఏ నెల జీతంనుంచి కోత మొదలవ్వాలో కూడా స్పష్టంగా రాయాలి. చాలా చోట్ల 25వ తేదీ నాటికి ఆ నెల జీతాల పట్టీ మూసేస్తారు. మన ఉదాహరణలో 19న అడ్వాన్స్ ఇస్తే, ఏమీ రాయనప్పుడు అకౌంటెంట్ ఆ నెలనుంచే పట్టుకోవచ్చు. ఆస్పత్రిలో ఖర్చు ఎక్కువగా ఉన్న నెలలోనే జీతం తక్కువగా వస్తుంది. 'వచ్చే నెల జీతం నుంచి' అన్న నాలుగు ముక్కలు ఆ చిక్కుని తప్పిస్తాయి.

ఇక పని గురించి ఇచ్చే హామీ. "నమ్మకంగా పనిచేస్తాను, కంపెనీని ఎప్పటికీ విడిచిపెట్టను" అని రాసేవాళ్లున్నారు. ఆ మాటతో యజమానికి ఒరిగేదేమీ లేదు. స్టోర్స్ మనిషి రాకపోతే ఆయనకుండే దిగులు వేరు. తాళాలు ఎవరి దగ్గరున్నాయి, ఎల్లుండి రావాల్సిన ఫిల్మ్ రోల్స్ లారీ ఎవరు దింపించుకుంటారు, నెలాఖరు స్టాక్ లెక్క ఎవరు తీస్తారు? హామీ అంటే వీటికి జవాబు. ఎన్ని రోజులు సెలవు కావాలో, ఆ రోజుల్లో ఎవరికి అప్పగించాడో, తర్వాత పగలు అమ్మ దగ్గర ఎవరుంటారో రాస్తే చాలు. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. తుంటి ఆపరేషన్ అయిన మనిషికి వారాల తరబడి పక్కన ఒకరు ఉండాలని యజమానికీ తెలుసు. వరంగల్ నుంచి అక్క వచ్చి రెండు నెలలు ఉంటుందని రాస్తే, ఇతను రోజూ మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తడని ఆయనకి ధైర్యం.

ముందు ఫోన్లో చెప్పి, వెంటనే కాగితం పంపాలి. వాట్సాప్‌లో పంపినా, మెయిల్ చేసినా ఫరవాలేదు, రాతలో ఉండడమే ముఖ్యం. మన ఉద్యోగి రాసే ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

స్టోర్స్ విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. మా అమ్మకి నిన్న రాత్రి తుంటి ఎముక విరిగింది. రేపు ఆపరేషన్ చేయాలన్నారు. ఆస్పత్రి ఎస్టిమేట్ 1,80,000 రూపాయలు, కాపీ జతచేశాను. 1,20,000 నేను సమకూర్చుకున్నాను. మిగిలిన 60,000 రూపాయలు జీతం మీద అడ్వాన్స్‌గా ఇప్పించమని కోరుతున్నాను. ఆ మొత్తం నేరుగా ఆస్పత్రి ఖాతాకి పంపినా సరే.

వచ్చే నెల జీతం నుంచి మొదటి రెండు నెలలు 3,000 చొప్పున, తర్వాత తొమ్మిది నెలలు 6,000 చొప్పున నా జీతంలో మినహాయించుకోవచ్చు. నా పీఎఫ్ క్లెయిమ్ పేరు సవరణ దగ్గర ఆగింది. అది వస్తే 20,000 ఒకేసారి కట్టి, చివరి వాయిదాలు తగ్గించుకుంటాను.

నాకు ఐదు రోజులు సెలవు కావాలి. ఆ రోజుల్లో స్టోర్ తాళాలు, ఇష్యూ రిజిస్టరు మా అసిస్టెంట్ దగ్గర ఉంటాయి. రావాల్సిన సరుకు వివరాలు రాసిచ్చాను. ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు వరకు ఫోన్లో అందుబాటులో ఉంటాను. నెలాఖరు స్టాక్ లెక్కకి నేనే వస్తాను. తర్వాత రెండు నెలలు మా అక్క వచ్చి అమ్మని చూసుకుంటుంది కాబట్టి డ్యూటీకి ఇబ్బంది ఉండదు.

ఏ కారణం చేతనైనా ఈలోగా ఉద్యోగం మానాల్సి వస్తే, అప్పటికి మిగిలిన బాకీని నాకు రావాల్సిన జీతం, సెలవుల డబ్బులో సర్దుకుని, ఇంకా మిగిలితే నెలవారీగా కడతాను.

విధేయుడు"

ఆ చివరి పేరా ఊరికే పెట్టింది కాదు. మానేస్తానేమోనన్న మాట మనమే ఎందుకు ఎత్తాలని అనిపిస్తుంది. కానీ ఆ భయం ఇచ్చేవాడి మనసులో ఎలాగూ ఉంటుంది. మనం జవాబు చెప్పకపోతే ఆయనే ఒక షరతు తెచ్చి పెడతాడు. "బాకీ తీరేదాకా ఇక్కడే చేయాలి, వేరే చోటికి వెళ్లకూడదు" అన్న కాగితం మీద సంతకం పెట్టమంటాడు. ఇటుక బట్టీల్లో, జీతగాళ్ల దగ్గర తరతరాలుగా నడిచింది ఈ షరతే. అడ్వాన్స్ తీసుకున్నందుకు మనిషి తనకి నచ్చిన చోట పనిచేసుకునే స్వేచ్ఛని వదులుకోవాల్సి రావడాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వెట్టి కిందే లెక్కకడుతుంది. బాకీ తీర్చడం బాధ్యత, అక్కడే ఉండిపోవడం బాధ్యత కాదు. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలపనివ్వకూడదు. అదే కారణంతో ఖాళీ చెక్కులు, ఒరిజినల్ సర్టిఫికెట్లు, అంకె రాయని ప్రోనోటు ఇవ్వకూడదు. మొత్తం, వాయిదాలు రాసి ఉన్న వోచర్ మీద సంతకం పెట్టడంలో తప్పులేదు. దాని ఫోటో ఒకటి మన దగ్గర ఉండాలి.

హామీగా పీఎఫ్‌ని, గ్రాట్యుటీని కూడా రాయకండి. ఆ రెండూ అప్పులవాళ్ల చేతికి చిక్కకుండా చట్టం కాపాడిన డబ్బు. మాటిచ్చినా చెల్లదు, చెల్లని మాటతో ఇద్దరికీ మనస్పర్ధలే. పీఎఫ్ మన చేతికి వచ్చాక అందులోంచి కట్టడం వేరే సంగతి.

యజమాని అరవై ఇవ్వలేనంటే? చిన్న ఫ్యాక్టరీల్లో జీతాల వారానికి ముందు చేతిలో డబ్బు ఆడకపోవడం మామూలే. అప్పుడు మొత్తాన్ని విడదీసి అడగొచ్చు. ఇప్పుడు ముప్పై ఆస్పత్రికి, మిగతా ముప్పై డిశ్చార్జి రోజుకి. ఆస్పత్రి కూడా మొత్తం ఒకేసారి కట్టమనదు. డిపాజిట్ ఎంత, మిగతాది ఎప్పటికి కట్టాలన్నది బిల్లింగ్ కౌంటర్లో ముందే అడిగి ఉంటే ఈ మాట ధైర్యంగా అనగలం. ఆయన సగమే ఇస్తే వాయిదాల లెక్క మళ్లీ వేసి రాసివ్వాలి. పాత ఉత్తరం అలాగే ఉంటే కోత కూడా పాత లెక్కలోనే పడవచ్చు.

డబ్బు అందాక చూసుకోవాల్సింది జీతం చీటీ. ప్రతి నెలా అందులో అడ్వాన్స్ కోత ఎంత పడిందో, బాకీ ఎంత ఉందో కనిపించాలి. మూడో నెలనుంచి కోత మూడు వేలనుంచి ఆరు వేలకి మారాలి కాబట్టి అక్కడ పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ. కొన్నిసార్లు ఒక నెల మర్చిపోయి తర్వాతి నెల రెండు వాయిదాలు కలిపి పట్టేస్తారు. చీటీ చూసుకోని మనిషికి అది జీతం బ్యాంకులో పడ్డాకే తెలుస్తుంది, అప్పటికి అద్దె కట్టే తేదీ వచ్చేసి ఉంటుంది.

ఏ నెలలోనైనా వాయిదా కట్టడం కష్టమనిపిస్తే, ఆ మాట జీతాల పట్టీ మూసేలోపే, అంటే 20వ తేదీకల్లా అకౌంటెంట్‌కి చెప్పాలి. "ఈ నెల మూడు వేలే కట్ చేయండి, మిగతా మూడు వేలు చివర్లో ఒక నెల కలుపుకుంటాను" అని చిన్న కాగితం రాసిస్తే, పట్టీలో ఒక అంకె మార్చడంతో అయిపోతుంది.